పైపు వంచే బెండర్ మీద ఎల్, ఆర్ అని రెండు గీతలుంటాయి. వాటిని ఎవరూ చదవరు

ఇవాళ స్క్రాప్ డబ్బా ఖాళీ చేస్తుంటే తొమ్మిది రాగి ముక్కలు బయటపడ్డాయి. అన్నీ హాఫ్ ఇంచ్ పైపులే అనుకున్నాను, అన్నీ వంచి పారేసినవే. మూడింటికి వంపు లోపలివైపు మడత పడింది. మిగతా ఆరింటి వంపులు చూడముచ్చటగా ఉన్నాయి. పారేయడానికి కారణం కొలత కుదరకపోవడమే. బిగించబోతే ఒకటి పదహారు మిల్లీమీటర్లు పొడవొచ్చింది, ఒకటి అంతే పొట్టిగా వచ్చింది. అన్నిట్లోనూ తేడా అటూ ఇటుగా ఆ పదహారే. ఇది చెయ్యి తిరగకపోవడం వల్ల వచ్చే తప్పు కాదు. చెయ్యి తప్పితే ఒకసారి అయిదు, ఒకసారి ఇరవై పోతుంది. ప్రతిసారీ అదే పదహారు పోతోందంటే లెక్కే తప్పన్నమాట.

ముందు ఆ మడత పడ్డ మూడింటి సంగతి తేల్చేస్తాను. పైపు వంచితే బయటి గోడ సాగుతుంది, లోపలి గోడ నలుగుతుంది. నలిగే గోడకు వెనక ఆధారం లేకపోతే లోపలికి ముడుచుకుపోతుంది. లివర్ బెండర్‌లో చక్రం మీది గాడి ఇచ్చేది ఆ ఆధారమే. పైపు పక్కలకు ఉబ్బకుండా గాడి గోడలు పట్టుకుంటాయి, అందుకే అది చదును కాదు. గాడి వదులైతే అంతా వృథా. హాఫ్ ఇంచ్ అంటే 12.7 మిల్లీమీటర్లు. 12 మి.మీ. పైపు తెచ్చి "రెండూ ఒకటేలే" అని అందులో పెడితే 0.7 ఖాళీ మిగులుతుంది. చేతికి తెలియనంత చిన్న ఖాళీ అది. కానీ పైపు పక్కలకు ఉబ్బడానికి ఆ కాస్త చాలు. 15 మి.మీ. పైపును 5/8 ఇంచ్ బెండర్‌లో పెట్టినా ఇదే గొడవ, 5/8 అంటే దాదాపు 15.9. నా మూడు ముక్కల్లో రెండు ఇలా పోయినవే. కాలిపర్‌తో కొలిస్తే వంచని చోటే 12 చూపించింది. బెండర్‌ను తిట్టుకుంటూ రెండు ముక్కలు తగలేశాక గానీ కొలవాలని తోచలేదు, అది వేరే సంగతి.

మూడోది కాయిల్ నుంచి లాగిన ముక్క. కాయిల్‌ను నేల మీద నిలబెట్టి, చివర కాలితో అదిమిపట్టి దొర్లించాలి. పక్కకి లాగితే పైపు అక్కడే కొంచెం కోడిగుడ్డు ఆకారానికి వచ్చేస్తుంది. అలా వచ్చిన పైపు గాడిలో సరిగ్గా కూర్చోదు, బెండర్ ఎంత మంచిదైనా చదునుగానే వంగుతుంది.

ఇక ఆ ఆరు ముక్కలు. నన్ను ఈ పోస్టు రాయించినవి అవే.

రాగి పైపును 90 డిగ్రీలు వంచితే మూల దగ్గర అది చదరంగా తిరగదు, గుండ్రంగా అడ్డదారిన పోతుంది. నా హాఫ్ ఇంచ్ బెండర్ రేడియస్, పైపు మధ్యగీతకు, 38 మి.మీ. పైపు నిజంగా మూల దాకా వెళ్లి తిరిగితే 38, మళ్లీ 38, మొత్తం 76 మి.మీ. రాగి పట్టేది. గుండ్రంగా పోవడం వల్ల 38ని 1.57తో గుణిస్తే ఎంతో అంత, అంటే దాదాపు 60 చాలు. మిగిలింది పదహారు. నా డబ్బాలో కనపడ్డ పదహారు ఇదే. ప్రతి 90 డిగ్రీల వంపు దగ్గరా ఈ పదహారు మనకు మిగులు. వేరే సైజు బెండర్ అయితే దాని రేడియస్‌ను 0.43తో గుణించండి, మీ మిగులు తెలుస్తుంది.

ఇప్పుడు ఆ రెండు గీతలు. చక్రం మీది డిగ్రీల అంకెలు మనకు కనిపించేలా, పైపును పట్టుకునే హుక్ ఎడమ పక్కకు వచ్చేలా బెండర్‌ను పట్టుకోండి. కదిలే హ్యాండిల్ మీద ఎల్ అని ఒక గీత, ఆర్ అని ఇంకో గీత ఉంటాయి. మీరు కొలత మొదలుపెట్టిన చివర ఎడమవైపు ఉంటే పైపు మీది గుర్తును ఎల్‌కు కలపాలి. ఆ చివర కుడివైపు ఉంటే ఆర్‌కు కలపాలి. సూత్రం ఇంతే. చాలామంది కంటికి ఏది కనపడితే దానికి కలుపుతారు. ఇంకొందరు చక్రం మీది సున్నాకు కలుపుతారు.

ఈ రెండు గీతలు ఎక్కడ ఉంటాయన్నదే నాకు అన్నిటికంటే నచ్చే విషయం. వంపు మొదలయ్యే చోటి నుంచి ఎల్ సరిగ్గా ఒక రేడియస్ దూరంలో, అంటే 38 దగ్గర ఉంటుంది. ఆర్ దాదాపు 22 దగ్గర ఉంటుంది. రెండింటి మధ్య తేడా పదహారు. అంటే ఆ మిగులును తయారుచేసినవాడు మన కళ్ల ముందే హ్యాండిల్ మీద చెక్కిపెట్టాడు. ఎల్ బదులు ఆర్ వాడితే తప్పు సరిగ్గా అంతే వస్తుంది. 45 డిగ్రీలకు మాత్రం చాలా బెండర్ల మీద ఒక్కటే గీత ఉంటుంది, దానికీ కారణం ఇదే. 45 దగ్గర మిగులు మిల్లీమీటరున్నరకు కాస్త పైన. ఎడమా కుడీ అని వేరు చేయాల్సిన పని లేదు.

మొన్న మా కుర్రాడు ఒక పని చేస్తూ ఇరుక్కుపోయాడు, దాన్నే తీసుకుందాం. ఒక యూ ఆకారం కావాలి. మొదటి కాలు 200, మధ్య కాలు 300, చివరి కాలు 250, అన్నీ పైపు మధ్యగీత నుంచి మధ్యగీతకు. వాడు మూడూ కూడి 750 కోశాడు, 200 దగ్గర ఒక గుర్తు, 500 దగ్గర ఇంకో గుర్తు పెట్టాడు. మొదటి గుర్తును ఎల్‌కు కలిపి వంచాడు, మొదటి కాలు 200 చక్కగా వచ్చింది. రెండోదీ ఎల్‌కే కలిపి వంచాడు. మధ్య కాలు 316 వచ్చింది.

"అన్నా, బెండర్ ఏమైనా జారిందా?" అని అడిగాడు.

ఏమీ జారలేదు. మొదటి వంపులో మిగిలిన పదహారు మధ్య కాలులోకి వచ్చి చేరింది. తిన్నటి పైపు మీదే ముందుగా రెండు గుర్తులూ పెట్టుకోవాలనుకుంటే రెండోది 500 దగ్గర కాదు, 484 దగ్గర పెట్టాలి. మొత్తం కోత కూడా 750 కాదు. రెండు వంపులకు రెండు మిగుళ్లు తీసేస్తే 717 లేదా 718. నేనైతే కొంచెం ఎక్కువే కోసి చివర్లో కత్తిరిస్తాను. మూడో వంపు ఉంటే దాని గుర్తుకు ముప్పై రెండు తీసేయాలి, అలా పెరుగుతూ పోతుంది.

ఈ తీసివేతలు వద్దనుకుంటే ఇంకో దారి ఉంది, కొత్తవాళ్లకు నేను చెప్పేది అదే. మొదటి వంపు వేసేయండి. తర్వాత వంగిన కాలు మధ్యగీత నుంచి 300 కొలిచి గుర్తు పెట్టి, ఆ గుర్తును ఎల్‌కు కలపండి. మిగులు మొదటి వంపులోనే ఖర్చయిపోయింది కాబట్టి మళ్లీ లెక్కలోకి రాదు. ఇక్కడ ఒక్క జాగ్రత్త: టేపును పైపు వీపుకు, అంటే వంగిన కాలు బయటి పక్కకు, ఆనిస్తాం గానీ మధ్యగీతకు ఆనించలేం కదా. వీపు నుంచి కొలిచేటట్టయితే సగం మందం, ఆరు మిల్లీమీటర్లకు కొంచెం పైన, కలుపుకోవాలి. 300 కావాలంటే వీపు నుంచి 306 దగ్గర గుర్తు. ఇది మరిచిపోయి ఆరు తక్కువ వస్తే, ఆ తప్పునూ బెండర్ మీదే తోసేస్తారు.

గుర్తు మార్కర్‌తో పెట్టండి, పైపు చుట్టూ తిప్పి గీయండి. మేకుతోనో కత్తితోనో గీకేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ గీరు సాగే గోడ మీద పడితే పగులు మొదలయ్యేది అక్కడే.

ఇంకొకరి బెండర్ చేతికొస్తే నేను గీతలను కళ్లు మూసుకుని నమ్మను. ఒక వ్యర్థం ముక్క మీద 100 దగ్గర గుర్తు పెట్టి, ఎల్‌కు కలిపి, 90 వంచి, చివర నుంచి వంగిన కాలు మధ్యకు కొలుస్తాను. 100 వస్తే సరే, 98 వస్తే ఆ రెండును మార్కర్‌తో హ్యాండిల్ మీదే రాసేస్తాను. వంచేటప్పుడు 90 దాటి రెండు మూడు డిగ్రీలు ఎక్కువ తోయాలి, వదలగానే రాగి కొంచెం వెనక్కి వస్తుంది. ఎంత వస్తుందో కూడా ఆ ముక్కే చెబుతుంది. ఎక్కువ తోసేశామని వెనక్కి విప్పడం మాత్రం వద్దు. ఒకసారి వంగిన రాగి గట్టిపడుతుంది, రెండోసారి అక్కడే మడత పడుతుంది.

స్ప్రింగ్ గురించి అడుగుతారు కాబట్టి చెబుతాను. స్ప్రింగ్‌కు గాడి లేదు, డిగ్రీలు లేవు, ఎల్ లేదు, ఆర్ లేదు. మన మోకాలే చక్రం. అందువల్ల రేడియస్ ఎంతో మనకు తెలియదు, తెలియనిదానికి మిగులు లెక్కగట్టలేం. పెద్ద పెద్ద వంపులకు, పైపు వ్యాసానికి నాలుగైదు రెట్లకు తగ్గని రేడియస్‌కు అది బాగానే పనికొస్తుంది. కొలత ముఖ్యమైన చోట దాన్ని నేను వాడను, తప్పదంటే పొడవుగా ఉంచి వంచాక కోస్తాను. స్ప్రింగ్ ఇరుక్కుంటే లాగకండి. కావలసినదానికంటే కొంచెం ఎక్కువ వంచి, తిరిగి ఒక్క పిసరు వెనక్కి తెచ్చి, స్ప్రింగ్‌ను మెలితిప్పుతూ తీయాలి. పైన తొడిగిన స్ప్రింగ్ అయితే చుట్లు వదులయ్యేవైపు, లోపల పెట్టినదైతే చుట్లు బిగుసుకునేవైపు తిప్పాలి. ఏసీ, ఫ్రిజ్ లైన్లలో లోపలి స్ప్రింగ్‌కు నూనె రాయకండి, ఆ నూనె లోపలే ఉండిపోతుంది. అవే లైన్లను మెత్తబడాలని మంట పెట్టి ఎర్రగా కాల్చేవాళ్లున్నారు. లోపల నల్లటి పొర పట్టి, అది రాలి వెళ్లి సన్నటి దారిలో అడ్డుపడుతుంది. దానికంటే మెత్తటి కాయిల్ పైపు తెచ్చుకోవడం నయం.

మా కుర్రాడి కథ ముగిద్దాం. కొత్త ముక్క కోసి, 484 దగ్గర గుర్తు పెట్టి, రెండూ ఎల్‌కు కలిపి వంచాడు. మధ్య కాలు కొలిచాడు, 300. ముఖం వెలిగిపోయింది. రెండు చివర్లూ గరాటులా విప్పి ఫ్లేర్ కూడా నీట్‌గా చేసి నా చేతికిచ్చాడు. ఫ్లేర్ చేయకముందే తొడగాల్సిన నట్లు బల్ల మీదే ఉన్నాయి.