కష్టపెట్టిన మేనేజర్‌కి చివరి మెయిల్ ఎలా ముగించాలి?

ఉద్యోగం మానేసే రోజు చాలామందిని ఇబ్బంది పెట్టేది మెయిల్ మొత్తం కాదు, చివరి రెండు మూడు వాక్యాలు. ఫైళ్లు ఎక్కడున్నాయో, పనులు ఎవరికి అప్పగించామో చెప్పడం తేలికే. ఏళ్ల తరబడి మనశ్శాంతి లేకుండా చేసిన మనిషికి వీడ్కోలు చెప్పే చోటే చెయ్యి ఆగిపోతుంది. పొగిడితే అబద్ధం, ఊరుకుంటే కోపంగా వెళ్లిపోయామనుకుంటారు, మర్యాదగా రాస్తే ఒక్కోసారి వెటకారంలా వినిపిస్తుంది. నా అభిప్రాయం ఇది: ఆ వాక్యాలు వెటకారంగా వినిపించడానికి కారణం మర్యాద కాదు, మర్యాద మోతాదు. మీ ఇద్దరి మధ్య ఎంత సాన్నిహిత్యం ఉందో దానికి మించి రాసినప్పుడే చదివేవాళ్లకు అనుమానం వస్తుంది.

మా టీమ్‌లో పనిచేసిన ఒక అమ్మాయి వేరే కంపెనీకి వెళ్తూ, పంపబోయే మెయిల్ నాకు చూపించి, "అక్కా, ఇది బాగానే ఉందా?" అని అడిగింది. ఆమె మేనేజర్ మీటింగుల్లో మాట పూర్తి చెయ్యనిచ్చేవాడు కాదు, ప్రతి రిపోర్టూ పదేపదే వెనక్కి పంపేవాడు. ఆ సంగతి ఆఫీసులో అందరికీ తెలుసు. మెయిల్ చివర ఆమె ఇలా రాసింది: "మీ దగ్గర పనిచేయడం మరచిపోలేని అనుభవం. మీ నుంచి ఎంతో నేర్చుకున్నాను. అన్నిటికీ థాంక్యూ సో మచ్!"

ఆమెకు వెటకారం చేసే ఉద్దేశం ఏమాత్రం లేదు. కానీ ఒక్కో వాక్యం చూడండి. "మరచిపోలేని" అన్నమాట మంచికీ చెడుకీ సరిపోతుంది. "ఎంతో నేర్చుకున్నాను" అన్నప్పుడు ఏం నేర్చుకున్నారో చెప్పకపోతే, "ఎలా ఉండకూడదో నేర్చుకున్నాను" అని వినిపిస్తుంది. "అన్నిటికీ" అంటే ఆ మీటింగులు కూడా అందులోకి వచ్చేస్తాయి. ఇక చివరి ఆశ్చర్యార్థకం మిగిలిన అనుమానాన్ని ఖాయం చేస్తుంది. మంచి సంబంధం ఉన్నచోట ఇవే మాటలు ఎవరికీ గుచ్చుకోవు.

నేను ఆమెను ఒక్కటే అడిగాను: అతని దగ్గర నిజంగా నీకు పనికొచ్చింది ఏదైనా ఉందా? కాసేపు ఆలోచించి చెప్పింది. క్లయింటుకి పంపేముందు పట్టికలో అంకెలకీ, కింద రాసిన వివరణకీ పొంతన ఉందో లేదో చూసుకోవడం అతని పట్టుదల వల్లే అలవాటైందట. అది చాలు. ముగింపు ఇలా మారింది:

"క్లయింటుకి పంపేముందు అంకెల్ని వివరణతో సరిచూసుకోవడం మీ దగ్గరే అలవాటైంది, అందుకు ధన్యవాదాలు. అప్పగింత నోట్ షేర్డ్ ఫోల్డర్‌లో ఉంచాను. సందేహాలుంటే శుక్రవారం వరకూ అడగండి. ఈ ప్రాజెక్టు అనుకున్న తేదీకి పూర్తవ్వాలని కోరుకుంటున్నాను. రిగార్డ్స్."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. ఆ ప్రాజెక్టు మీద ఆమె కూడా కష్టపడింది కాబట్టి అది పూర్తవ్వాలని నిజంగానే కోరుకుంటుంది. అతని జీవితమంతా సుఖసంతోషాలతో నిండాలని రాసి ఉంటే అది ఆమె మనసులో మాట అయ్యేది కాదు. "టచ్‌లో ఉందాం" బదులు శుక్రవారం అనే గడువు పెట్టడం కూడా అందుకే. నిలబెట్టుకోగలిగిన మాటే ఇచ్చింది. కృతజ్ఞత తర్వాత పని విషయం రావడం వల్ల ఆ కృతజ్ఞత కూడా తేలిగ్గా, సహజంగా నిలిచింది.

సంతకం పైన రోజూ ఏం రాస్తారో అదే రాయండి. ఇన్నాళ్లూ ఉత్త "రిగార్డ్స్" రాసినవాళ్లు చివరిరోజున "వార్మెస్ట్ రిగార్డ్స్" అంటే అదొక్కటే కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. నవ్వుముఖం బొమ్మలు, మూడు చుక్కలు, కొటేషన్ గుర్తుల్లో పెట్టిన పొగడ్తలు వద్దు. టీమ్ అందరికీ రాసే వీడ్కోలు వేరే మెయిల్‌లో పంపండి. ఆ గొడవలు చూసినవాళ్ల ముందు మేనేజర్‌ని ప్రత్యేకంగా మెచ్చుకుంటే, మీరెంత నిజాయితీగా రాసినా వాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకుంటారు. పంపేముందు, ఆ మీటింగుల్లో మీ పక్కన కూర్చున్న ఒకరికి చదివి వినిపించండి. ఎక్కడ వాళ్ల పెదవి మీద నవ్వు కదిలిందో ఆ వాక్యం తీసెయ్యండి.

కొందరు మేనేజర్లు కష్టపెట్టడంతో ఆగరు, అవమానిస్తారు, వేధిస్తారు. అలాంటివాళ్లకు చెప్పుకోదగ్గ మంచి వెతికి మరీ రాయాల్సిన అవసరం లేదు. "అప్పగింత పూర్తయింది, నోట్ ఫోల్డర్‌లో ఉంది, ఈరోజు నా చివరి పనిదినం" అని రాసి పేరు పెడితే అది పూర్తి మెయిలే. వేధింపు సంగతి తేదీలతో సహా రాసి విడిగా హెచ్ఆర్‌కి ఇవ్వాలి. వీడ్కోలు వాక్యంలో దాన్ని సూచనగా ఇరికిస్తే అవతలివాళ్లు ఎత్తిపొడుపుగా కొట్టిపారేస్తారు, ఫిర్యాదుగా ఎవరూ తీసుకోరు.