రెండు కళ్ళతో చూస్తే ఆ వంకర దొరకదు

"ఈ గళ్ళ బొమ్మను ఫోన్‌లో రెండు కళ్ళతో చూడండి. గీతలన్నీ తిన్నగా ఉంటే మీ రెటీనా భేషుగ్గా ఉన్నట్టే. వంకరగా కనిపిస్తే టెన్షన్ వద్దు, అద్దాల పవర్ మారిందంతే. పదిమందికీ పంపండి."

మొదటి వాక్యంలోనే పరీక్ష చెడిపోయింది. కళ్ళు పరీక్షించడమే నా పని, అయినా మా పెదనాన్నగారు ఈ మెసేజ్ నాకే పంపి "నాకేం లేదురా" అన్నారు. ఆయనకు 71 ఏళ్ళు. ఇంటికెళ్ళి కుడి కన్ను మూయించి చూపించాను. బొమ్మ మధ్యలో ఉండే చుక్క పక్కన మూడు గళ్ళ మేర గీతలు తడిసిన కాగితంలా ఉబ్బాయన్నారు. కొన్నాళ్ళుగా పేపర్లో "పంచాయతీ" అనే మాటలో నడిమి అక్షరం మాయమవుతోందట. ప్రింటు సరిగ్గా పడలేదనుకున్నారు! బాగున్న కుడి కన్ను ఎడమ కంటి లోటును కప్పేసింది.

ఫోన్‌తోనూ చిక్కే. స్విట్జర్లాండ్ కంటి డాక్టర్ మార్క్ ఆమ్‌స్లర్ పేరుమీద వచ్చిన ఈ గళ్ళ బొమ్మ 10 సెంటీమీటర్ల చదరం, ఒక్కో గడి 5 మిల్లీమీటర్లు. దాన్ని 30 సెంటీమీటర్ల దూరంలో, దగ్గరచూపు అద్దాలు పెట్టుకుని, మంచి వెలుతురులో చూడాలి. ఫోన్ తెరపై బొమ్మ చిన్నదైపోతుంది కాబట్టి రెటీనాలో చూడాల్సినంత భాగం పరీక్షకు అందదు. చాలామంది చేసే పొరపాటు ఇంకోటుంది: గీత వెంట చూపు పరిగెత్తిస్తారు. చూపు చుక్క మీదే నిలవాలి, గీతలను అక్కడినుంచే గమనించాలి.

ఇక గీతలు తిన్నగా ఉన్నంత మాత్రాన నిశ్చింత లేదు. రెటీనా నడిమి భాగమైన మాక్యులా క్షీణించే జబ్బు తొలిదశలో రెటీనా కింద డ్రూసెన్ అనే పసుపు మచ్చలు పేరుకుంటాయి, అప్పటికి గీతలు చాలామందికి మామూలుగానే ఉంటాయి. చిన్న ఖాళీలను మెదడే పూడ్చేస్తుంది కూడా. మచ్చలు బయటపడేది కంటిపాప పెద్దదయ్యే చుక్కలు వేసి చూసినప్పుడో, రెటీనా పొరలను చూపించే ఓసీటీ స్కాన్‌లోనో.

అన్నిటికన్నా ప్రమాదకరమైన మాట ఆ పవర్ సంగతి. పవర్ మారితే చూపు మొత్తం మసకేస్తుంది, ఒక్కచోట గీత వంగదు. శుక్లమైనా అంతే. ప్రోగ్రెసివ్ అద్దాల అంచుల్లో గీతలు వంగుతాయి నిజమే, కానీ తల తిప్పితే ఆ వంకర జరుగుతుంది. మాక్యులా వంకర చుక్క పక్కనే అంటుకుని ఉంటుంది. రెటీనా కింద నీరు చేరి దాన్ని పైకెత్తడం వల్ల వచ్చే తేడా అది. షుగర్ వల్ల మాక్యులాకు వచ్చే వాపు, దానిపై పొర, రంధ్రం వల్లా రావచ్చు. కొత్తగా కనిపిస్తే ఒకట్రెండు రోజుల్లో రెటీనా డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి.

పెదనాన్నగారి ఓసీటీలో నీరు కనిపించింది, మాక్యులా క్షీణతలో తడి రకమని తేలింది. ఆ వారమే కంట్లో ఇంజెక్షన్ మొదలుపెట్టారు. ఉబ్బు పూర్తిగా పోలేదు గానీ "పంచాయతీ" మొత్తం కనిపిస్తోంది. ఇప్పుడు గళ్ళ బొమ్మ కార్డు జిరాక్సుల మీద వంకర ఎంతవరకుందో పెన్సిల్‌తో గీసి, తేదీ వేసి దాస్తున్నారు.