ఏఐ వ్యూహానికి చిత్తూరు జిల్లా సవరణలు

దేశానికి కృత్రిమ మేధ వ్యూహం ఉంది. 2024 మార్చిలో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన ఇండియాఏఐ మిషన్‌కు అయిదేళ్లకు 10,371.92 కోట్ల రూపాయలు. పద్దులు చదివితే పెద్దల ముందుచూపు అర్థమవుతుంది. కంప్యూటర్ల బలానికి 4,563.36 కోట్లు, డేటా వేదికకు 199.55 కోట్లు. అంటే వంట పాత్రలకు నూటికి నలభై నాలుగు, బియ్యానికి రెండు కూడా కాదు. నా మాటకొస్తే ఆ రెండు కూడా దుబారానే. ఎందుకో మామిడి రైతు సాక్షిగా నిరూపిస్తాను.

2025 సీజన్‌లో తోతాపురి ధర పడిపోయి, గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లు బారులు తీరినప్పుడు ప్రభుత్వం కిలోకు 12 రూపాయలన్నది. ఎనిమిది ఫ్యాక్టరీ ఇవ్వాలి, నాలుగు ప్రభుత్వం వేయాలి. ఇలాంటి సొమ్ము గురించి అడగడానికి రేపు ఫోన్లో మాటను అక్షరాలుగా మార్చే యంత్రం పెట్టారనుకుందాం. బంగారుపాళెం రైతు ఫోన్ చేసి ఇలా అంటాడు: “కాయిలు తోలి నెల దాటె, నాలుగు రూపాయలు ఇంకా పళ్లేదు.”

యంత్రం శ్రద్ధగా రాసుకుంటుంది: “కాయిలు తోలి నెల దాటె, నాలుగు రూపాయలు ఇంకా పళ్లు లేవు.” ఫిర్యాదు దంతవైద్య విభాగానికి పోతుంది. ప్రభుత్వాసుపత్రి నుంచి రైతుకు అపాయింట్‌మెంట్ వస్తుంది. సేవలు గడప దగ్గరికే రావడమంటే ఇదే కదా!

ఇక నిపుణులు లెక్క కడతారు. పలికిన మాటల్లో తప్పుగా రాసినవి, వదిలేసినవి, లేనివి చేర్చినవి కూడి, పలికిన మాటల సంఖ్యతో భాగిస్తే తప్పుల శాతం వస్తుంది. రైతు పలికినవి ఎనిమిది మాటలు. ఒకటి మారింది, ఒకటి కొత్తగా చేరింది. తప్పు 25 శాతం. యంత్రం ముప్పాతిక వంతు పాసు. అదే యంత్రం “కాయిలు”, “దాటె” రెండూ పాడుచేసి “పళ్లేదు” ఒక్కటి సరిగ్గా పట్టినా మార్కు ఇంతే, కానీ డబ్బు పడలేదన్న సంగతి మాత్రం దక్కేది. అసలు మాట ఏదో ఈ కొలతకు తెలియదు. తెలియనక్కర్లేదు కూడా, నివేదికలో అంకె ఉంటే చాలు.

ఆ అంకెను ఇంకా అందంగా చేసే ఉపాయం ఉంది. ప్రశాంతమైన గదిలో, మంచి మైకు ముందు, వార్తలు చదివేవాళ్ల తెలుగుతో పరీక్ష పెట్టాలి. మా రైతు ఫోన్లో మాట్లాడతాడు. మామూలు ఫోన్ లైను గొంతు నుంచి సెకనుకు 8,000 నమూనాలే తీసుకుంటుంది, యంత్రాలకు ఎక్కువగా నేర్పేది 16,000 నమూనాల రికార్డింగులతో. గొంతులోని సన్నటి, పై స్థాయి శబ్దాల సగం లైన్లోనే రాలిపోతుంది. దానిపైన ట్రాక్టర్ మోత, మధ్యలో అరవం మాట. ఇవన్నీ రాష్ట్రం మొత్తం సగటులో కలిపేస్తే చిత్తూరు కనపడనే కనపడదు. జిల్లాల వారీగా, ఫోన్ కాల్స్ మీదే విడిగా పరీక్షించి, ఫిర్యాదు సరైన శాఖకు చేరిందా లేదా అని చూస్తే గుట్టు బయటపడుతుంది. అందుకే ఎవరూ చూడకూడదు.

డేటా కావాలంటే ఏం చేయాలి? మండీల్లో, ఫ్యాక్టరీ గేట్ల దగ్గర అనుమతి తీసుకుని మాటలు రికార్డు చేయాలి. గంట మాటను ఉన్నదున్నట్టు రాయడానికి ఎన్నో గంటలు పడుతుంది, పైగా “తోలడం” అంటే ఇక్కడ లోడు పంపడమని తెలిసిన మనిషే రాయాలి. ఆ మనిషికి కూలి ఇవ్వాలి. ఏఐ లెక్కలు చేసే జీపీయూ చిప్పు మాత్రం సబ్సిడీలో సగటున గంటకు 65 రూపాయలకే దొరుకుతోంది. మా ఊళ్లో ఆ డబ్బుకు బిరియాని పొట్లం రాదు. ఇలాంటి 38 వేల జీపీయూలు పెట్టుకుని మనిషికి కూలి ఇవ్వడం అవివేకం.

మనుషుల పద్దు లేదని కాదు. నైపుణ్యాలకు 882.94 కోట్లున్నాయి. చిన్న పట్టణాల్లో డేటా ల్యాబులు, వాటిలో డేటాకు గుర్తులు పెట్టడం నేర్పే కోర్సులూ అందులోవే. మా పిల్లలు ఆ కోర్సు చదివి, సాయంత్రం బస్సుకే బెంగళూరు వెళ్లి, ఏ విదేశీ కారు కోసమో రోడ్డు మీది సిగ్నల్ బొమ్మల చుట్టూ గీతలు గీస్తారు. వాళ్ల నాయనల మాట రాసిపెట్టమని అడిగి జీతమిచ్చేవాడు ఇక్కడ లేడు కాబట్టి, వాళ్లను తప్పుపట్టలేం.

కనుక నా మొదటి సవరణ: యంత్రానికి చిత్తూరు మాట నేర్పడం మానేసి, జిల్లాలోని మామిడి రైతులందరికీ వార్తల తెలుగులో మూడు నెలల శిక్షణ ఇవ్వాలి. “పడలేదు” అని స్పష్టంగా పలికినవారికే నాలుగు రూపాయలు.

దీనికి రైతు సంఘాలు ఒప్పుకోకపోతే రెండో సవరణ. జూన్ నెలలో నిపుణుల కమిటీని గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు, ట్రాక్టర్ల వరసలో కూర్చోబెట్టి, చుట్టూ వినపడే మాటలు వాళ్ల చేతే రికార్డు చేయించి, వాళ్ల చేతే రాయించాలి. వరస కదలదు కాబట్టి వాళ్లకు టైముకు కొదవుండదు.