గ్రీన్ మ్యాట్ మీద ఎంత లైటు కొడితే అంత మంచిదా?

“గ్రీన్ మ్యాట్‌లో పెద్ద రహస్యమేం లేదు. పచ్చ క్లాత్ కట్టి దాని మీద ఎంత లైటు కొడితే కీ అంత క్లీన్‌గా వస్తుంది. మనిషిని క్లాత్‌కి బాగా దగ్గరగా నిలబెట్టండి, నీడ కనిపించదు. అంచులు పాడయ్యాయంటే సాఫ్ట్‌వేర్ బాలేదని అర్థం, టాలరెన్స్ పెంచుకోండి. ఒంటి మీద పచ్చదనం కనిపిస్తే డీస్పిల్ ఆన్ చేస్తే చాలు.”

ఇది గ్రీన్ మ్యాట్ మీద ఒకాయన రాసిన పోస్టు. ఇందులో లైటు గురించిన మొదటి మాట సగం నిజం. ఎక్కువ నష్టం చేసేదీ అదే, మిగతా మూడు కష్టాలూ చాలావరకు దాన్నుంచే పుడతాయి.

కీయర్, అంటే పచ్చని తీసేసి మనిషిని మిగిల్చే సాఫ్ట్‌వేర్, ‘ఈ పిక్సెల్ పచ్చగా ఉందా, లేదా’ అని చూడదు. ఎరుపు, నీలం రెండింట్లో ఏది ఎక్కువో చూసి, ఆకుపచ్చ దాన్ని ఎంత మించిందో లెక్కగడుతుంది. పెట్రో వ్లాహోస్ 1950ల చివర్లో ఫిల్ము కోసం, నీలం తెరతో, రూపొందించిన కలర్ డిఫరెన్స్ పద్ధతికి మూలం ఈ తేడాయే. ఇవాళ్టి Keylight లాంటి కీయర్లూ ఆ దారిలోనే పనిచేస్తాయి.

అంకెల్లో చూద్దాం. సరిగ్గా లైటింగ్ చేసిన క్లాత్ మీద ఎరుపు 60, ఆకుపచ్చ 180, నీలం 70 వచ్చాయనుకోండి. ఇవి 0 నుంచి 255 దాకా ఉండే మామూలు 8 బిట్ విలువలు. తేడా 110. లైటు ఒక స్టాప్ పెంచితే, అంటే రెట్టింపు చేస్తే, ఈ అంకెలు రెట్టింపవవు, ఇంచుమించు 82, 247, 96 అవుతాయి, తేడా 151కి ఎక్కుతుంది. ఇంతవరకు పోస్టు రాసినాయన మాటే నిలబడుతుంది. ఇంకో స్టాప్ పెంచండి. ఆకుపచ్చ 255 దగ్గర గోడకి తగిలి ఆగిపోతుంది, ఎరుపు, నీలం మాత్రం 113, 131కి వచ్చేస్తాయి. తేడా 124. మూడో స్టాప్‌కి నీలం 180 దాటుతుంది, తేడా 75కి పడిపోతుంది. కంటికి క్లాత్ ధగధగా మెరుస్తూ లేత పిస్తా రంగులో కనిపిస్తుంది, కీయర్‌కి మాత్రం అందులో మొదట ఉన్నంత పచ్చదనం కూడా లేదు. ఫోన్ కెమెరాలు వెలుగు భాగాల్ని ముందే అణిచేస్తాయి కాబట్టి అసలు షూట్‌లో ఈ పతనం ఇంకా ముందే మొదలవుతుంది. పైగా పెంచిన ప్రతి స్టాప్‌కీ క్లాత్ నుంచి మనిషి మీద పడే పచ్చ వెలుతురు రెట్టింపవుతుంది.

అందుకే క్లాత్‌ని ముఖం మీది లైటుకి సమానంగా గానీ, అర స్టాప్ తక్కువగా గానీ ఉంచుతారు. ఫ్రేములో వెలుగుని శాతాల్లో చూపే వేవ్‌ఫామ్ గ్రాఫ్ చూసే అలవాటుంటే క్లాత్ 40 నుంచి 55 శాతం మధ్య పడితే బాగుంటుంది.

అయితే అసలు విషయం ఎంత వెలుతురు అన్నది కాదు, అది ఎంత సమంగా పరుచుకుంది అన్నది. పది అడుగుల వెడల్పు క్లాత్‌కి ఒక్క పెద్ద లైటు కన్నా, చెరో పక్క నిలువుగా పెట్టిన నాలుగడుగుల ఎల్ఈడీ ట్యూబ్‌లైట్లు రెండేసి చాలా మెరుగు. వాటిని క్లాత్‌కి నాలుగైదు అడుగుల ముందు, ఫ్రేము బయట ఉంచి, కుడివైపువి ఎడమ సగానికీ ఎడమవైపువి కుడి సగానికీ గురిపెట్టాలి. దగ్గరి అంచున ఒకటి ఎక్కువైన చోట రెండోది తగ్గుతుంది కాబట్టి మొత్తం సమానమవుతుంది. ముఖానికి వాడే లైటు వేరు, దానికీ వీటికీ సంబంధం ఉండకూడదు. క్లాత్ మెరిసేది కాకూడదు. శాటిన్ అయితే ఎంత జాగ్రత్తగా లైటు పెట్టినా ఎక్కడో ఒకచోట తెల్లటి చార వస్తుంది. మడతలు ఇస్త్రీ చేసి, అంచులు క్లిప్పులతో లాగి బిగించాలి. మడతకి ఒకవైపు నీడ, ఇంకోవైపు వెలుగు, అంటే ఒకే క్లాత్ మీద రెండు పచ్చలు.

సరిచూసుకోవడానికి మీటరే ఉండాలని లేదు. మనిషి లేకుండా ఖాళీ క్లాత్‌ని ఒక్క ఫ్రేము తీసి, ఎడిటర్‌లో ఐడ్రాపర్‌తో మధ్యలోనూ నాలుగు మూలల్లోనూ ఆకుపచ్చ విలువ చదవండి. మధ్యలో 180 ఉంటే మూలల్లో 154కి తగ్గకూడదు. ఆ తేడా అర స్టాప్, అంతకు మించితే లైట్లు జరపాలి. ఫోన్‌తో తీస్తుంటే ఎక్స్‌పోజర్, వైట్ బ్యాలెన్స్ రెండూ లాక్ చేసి మరీ చూడండి. లేకపోతే నల్ల కోటు వేసుకున్న మనిషి ఫ్రేములోకి రాగానే కెమెరా ఎక్స్‌పోజర్ పెంచేస్తుంది, మీరు కొలిచిన అంకెలన్నీ వృథా.

క్లాత్‌కి దగ్గరగా నిలబెట్టే సలహా మీద ఎక్కువ చెప్పక్కర్లేదు, అది పూర్తిగా తప్పు. నీడ పోయేది దూరం జరిగితేనే. ముఖం లైటు 45 డిగ్రీల పైనుంచి పడుతుంటే, ఐదున్నర అడుగుల మనిషి తల నీడ వెనక ఐదున్నర అడుగుల దూరంలో నేల మీద పడుతుంది. మనిషి క్లాత్‌కి ఏడెనిమిది అడుగుల ముందుంటే ఆ నీడ క్లాత్ దాకా రాదు. స్పిల్‌దీ, అంటే క్లాత్ నుంచి మనిషి మీద పడే పచ్చ వెలుతురుదీ, అదే కథ. లైటు పడిన పచ్చ క్లాత్ తానే ఒక పెద్ద పచ్చ లైటు. అడుగు దూరంలో నిలబడితే ఆ మనిషికి వెనకంతా అదే. ఎనిమిది అడుగులకి జరిగితే వీపు మీద పడే పచ్చ వెలుతురు సుమారు మూడో వంతుకి తగ్గుతుంది. దూరం జరిగితే ఫ్రేము మూలల్లో క్లాత్ చాలదని భయపడక్కర్లేదు. పచ్చ ఉండాల్సింది మనిషి కదిలే మేర చుట్టూ మాత్రమే, మిగతాది ఎడిటింగ్‌లో మాస్క్ గీసి తీసేయొచ్చు. అవసరం లేని క్లాత్‌ని నల్ల గుడ్డతో కప్పేస్తే స్పిల్ ఇంకా తగ్గుతుంది. చాలామంది ఈ పని చేయరు, ఖర్చేమీ లేకపోయినా.

ఇక అంచులు. తెగిపోయిన, రంపపు పళ్లలాంటి అంచు కనిపించగానే అందరి చెయ్యీ స్లైడర్ మీదికే పోతుంది. తప్పు చాలాసార్లు అంచులో ఉండదు, ఎక్కడో మూలన చీకటిగా ఉన్న క్లాత్‌లో ఉంటుంది. ఎలాగో చూడండి.

ఒక వెంట్రుక పిక్సెల్‌లో సగమే ఆక్రమించిందనుకుందాం. వెంట్రుక రంగు 40, 30, 25. క్లాత్ 60, 180, 70. సగం సగం కలిస్తే 50, 105, 48. ఆకుపచ్చ మిగులు 55, క్లాత్ మిగులైన 110లో సరిగ్గా సగం. కీయర్ ఆ పిక్సెల్‌ని సగం పారదర్శకం చేస్తుంది, అదే కావాల్సింది. ఇప్పుడు అదే క్లాత్ మీద లైటు అందని మూల చూడండి: 35, 105, 41. మిగులు 64, అంటే 110లో 58 శాతమే. కాబట్టి కీయర్ అక్కడ 42 శాతం ‘మనిషి’ని మిగిల్చేస్తుంది. మ్యాట్‌లో, అంటే ఏది ఉండాలో ఏది పోవాలో కీయర్ చూపించే నలుపు తెలుపు బొమ్మలో, అది బూడిద రంగు పొరలా కనిపిస్తుంది. దాన్ని తుడిచేయాలంటే Keylightలో `Clip Black` 42కి ఎత్తాలి, లేదా వేరే సాఫ్ట్‌వేర్‌లో టాలరెన్స్ పెంచాలి. స్లైడర్‌కి మూల ఏదో, జుట్టు ఏదో తెలీదు. 42 శాతం లోపు ఉన్న ప్రతి వెంట్రుకా మూలతోపాటే ఎగిరిపోతుంది. ఇందాకటి 50 శాతం వెంట్రుక 14 శాతానికి కుదించుకుపోతుంది. తల చుట్టూ కత్తెరతో కత్తిరించినట్టు కనిపించేది ఇందువల్లే. అదే మూల అర స్టాప్ లోపల ఉండుంటే, `Clip Black` 15తో పని అయిపోయేది, ఆ వెంట్రుక 41 శాతం దగ్గర మిగిలేది.

అందుకే `Screen Matte` వ్యూ తెరిచి ముందు మూలలు చూడాలి, తర్వాతే తల. మూల చీకటిగానే షూట్ అయిపోయి ఉంటే, మనిషి చుట్టూ గరుకుగా మాస్క్ గీసి ఆ మూలని కీయర్‌కి చూపించకుండా ఉండటం టాలరెన్స్ పెంచడం కన్నా వంద రెట్లు నయం.

కెమెరా వల్ల పాడయ్యే అంచులు వేరు, వాటినీ సాఫ్ట్‌వేర్ ఖాతాలో వేస్తున్నారు. ఫోన్లు, చాలా మామూలు కెమెరాలు 4:2:0లో రికార్డు చేస్తాయి. 1920×1080 వీడియోలో వెలుగు వివరం పూర్తిగా ఉంటుంది, రంగు వివరం మాత్రం 960×540కే పరిమితం. కీయర్ బతికేదే రంగు తేడా మీద కాబట్టి వంపు అంచులు రెండేసి పిక్సెళ్ల మెట్లుగా వస్తాయి. 4Kలో తీసి 1080కి దించితే ఈ మెట్లు దాదాపు మాయమవుతాయి. కెమెరాలో షార్ప్‌నెస్ ఎక్కువుంటే భుజం చుట్టూ సన్నటి తెల్ల గీత వస్తుంది, దాన్ని కనిష్ఠానికి దించాలి. చేతులు ఊపేటప్పుడు అంచు పచ్చగా సాగిపోతుంటే అది మోషన్ బ్లర్. షట్టర్ 1/50 నుంచి 1/100కి మారిస్తే బ్లర్ సగమవుతుంది. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి ఈ రెండు వేగాల్లోనూ ట్యూబ్‌లైట్ల మినుకు చారలుగా పడదు. 1/60 పెడితే పడే ప్రమాదం ఉంది, అలాంటి చారలున్న క్లాత్ ఫ్రేము ఫ్రేముకీ మారిపోతుంటుంది.

చివరగా డీస్పిల్. అది పచ్చ మరకని గుర్తుపట్టి తీసే పరికరం కాదు, ఆకుపచ్చకి ఒక పరిమితి పెట్టే లెక్క, అంతే. ఎక్కువగా కనిపించే రెండు లెక్కలు ఇవి:

```
G = min(G, max(R, B))
G = min(G, (R + B) / 2)
```

చెంప మీద స్పిల్ పడి 200, 150, 120 కాస్తా 205, 175, 125 అయిందనుకోండి. ఎరుపు 205 ఉంది కాబట్టి మొదటి లెక్క దాన్ని ముట్టుకోదు, చెంప పాలిపోయిన పసుపుగానే ఉంటుంది. రెండో లెక్క 165కి దించుతుంది, అసలు విలువ 150 మాత్రం తిరిగి రాదు. అదే రెండో లెక్క పక్కనున్న పసుపు పట్టుచీర మీద కూడా నడుస్తుంది. 220, 190, 60 ఉన్న చీర 220, 140, 60 అయిపోతుంది, అంటే నారింజ. జరీ అంచుదీ అదే గతి. ఆకుపచ్చ తగ్గించినచోట వెలుగూ తగ్గుతుంది కాబట్టి భుజాల చుట్టూ సన్నటి నల్ల అంచు మిగలడం కూడా మామూలే.

పసుపు, బంగారు రంగులు తప్పనప్పుడు డీస్పిల్‌ని మొత్తం ఫ్రేము మీద వదలకండి. మ్యాట్ అంచుని నాలుగైదు పిక్సెళ్లు లోపలికి తీసుకుని ఆ పట్టీకే పరిమితం చేస్తే చీర మధ్యభాగం చెక్కుచెదరదు. చిలకపచ్చ చీర అయితే ఏ లెక్కా పనిచేయదు, ఆ రోజు నీలం క్లాత్ కట్టాల్సిందే. నీలానికి ముఖం లైటు కన్నా క్లాత్ లైటు కాస్త ఎక్కువ కావాలి, ఎందుకంటే కెమెరా సెన్సార్‌లో ఆకుపచ్చ గడులు నీలం గడులకి రెట్టింపు ఉంటాయి, నీలం ఛానెల్‌లో గ్రెయిన్ ముందు కనిపిస్తుంది.