కనబడలేదు కనుక తగ్గించాం

అప్రైజల్ మీటింగుల్లో నాకు అమితంగా నచ్చిన మాట ‘విజిబిలిటీ’. పని చెయ్యలేదంటే లెక్క చూపించాలి, తప్పు చేశారంటే ఎక్కడో చెప్పాలి. విజిబిలిటీ లేదంటే ఏ బాధా లేదు. కనబడనిదానికి రుజువేమిటి?

హైదరాబాద్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ మా స్నేహితురాలికి ఐదుకి రెండు వేసింది. కారణం: సెకండాఫ్‌లో విజిబిలిటీ పడిపోయింది. పడిపోక ఏం చేస్తుంది? అక్టోబర్ నుంచి మార్చి దాకా ఆవిడ ప్రసూతి సెలవులో ఉంది. మేనేజరు గారు గ్రాఫ్ తెరిచి, సెప్టెంబర్ దగ్గర తెగిన గీతను చాలా దిగులుగా చూపించారు. "మధ్యలో కాస్త టచ్‌లో ఉండాల్సిందండీ" అంది హెచ్ఆర్ అమ్మాయి. నిజమే, లేబర్ రూమ్ నుంచి స్టాండప్ కాల్‌లో చేరాల్సింది. "బ్లాకర్స్ ఏమైనా ఉన్నాయా?" "డాక్టరమ్మ ఇంకా రాలేదండీ." "సరే, ఈటీఏ చెప్పండి." బిడ్డ పుట్టగానే టికెట్ క్లోజ్ చేసి, టీమ్ అందరినీ సీసీలో పెడితే విజిబిలిటీకి విజిబిలిటీ!

ఆవిడ మొదట రాసిన అప్పీల్ నిండా "ఎంతో కష్టపడ్డాను", "పక్కవాడికి నాలుగెలా ఇచ్చారు" అనే మాటలే. అలాంటి వాటికి హెచ్ఆర్ దగ్గర జవాబు ఎప్పుడో టైప్ చేసి ఉంటుంది. అది చించేసి, గోల్ షీట్ తియ్యమన్నాం. ఏడాదికి 12 మాడ్యూళ్లు అని టార్గెట్. ఆరు నెలల్లో ఆరు పూర్తి చేసింది. పని చేసిన నెలలకు లెక్కగడితే నూటికి నూరు. సెలవు నెలలకూ టార్గెట్ తగ్గించకుండా వదిలేశారు కాబట్టి యాభై శాతం, ‘నాట్ అచీవ్డ్’. సెప్టెంబర్ మిడ్ ఇయర్ రివ్యూలో అదే మేనేజరు తన చేత్తో ‘ఆన్ ట్రాక్’ అని రాశాడు. ఆ పేజీ, సెలవు మంజూరు మెయిల్, గోల్ షీట్ జత చేసి, గడువులోగా పోర్టల్‌లో ‘డిజగ్రీ’ నొక్కి, ఒకటే అడిగింది: ఆరు నెలల పనికి పన్నెండు నెలల టార్గెట్ ఏ రూల్ ప్రకారం పెట్టారో రాతపూర్వకంగా చెప్పండి.

అంతే, నోళ్లు పడిపోయాయి. రాతలో ఏం చెబుతారు? బెల్ కర్వ్‌లో ఎవరో ఒకరికి రెండు పడాలి, ఎదురుగా లేని మనిషైతే గొడవ ఉండదు, అందుకే ఆవిడకు వేశాం అంటారా? మొదటి ఇద్దరు బిడ్డలకు 26 వారాల సెలవు 2017లోనే చట్టంలోకి వచ్చింది. అది కంపెనీ పడేసిన భిక్ష కాదు. సెలవిచ్చి, ఆ సెలవునే నేరం చేసి జీతంలోంచి వసూలు చేసుకోవడానికి సిగ్గుండాలి!

చివరికి రేటింగ్ మూడుకి మార్చారు. ఇంక్రిమెంట్ బడ్జెట్ మాత్రం అప్పటికే లాక్ అయిపోయిందట, తేడా వచ్చే సైకిల్‌లో ‘పరిశీలిస్తారట’. రేటింగ్ మార్చిన తేదీ నుంచి బకాయితో సహా ఇవ్వమని ఆవిడ మళ్లీ మెయిల్ పెట్టింది, ఈసారి మేనేజరు పై మేనేజరుని కూడా సీసీలో పెట్టి.