బస్సంతా తాగేసిన కాఫీ

కాఫీ కొట్టు ముందు, కిలో కొంటే పావుకిలో ఉచితం అన్న బోర్డు చూసి ఆగడం నా మొదటి తప్పు. పీబెర్రీ రకం గింజలు సగం, ప్లాంటేషన్ ఏ రకం సగం, వాటిలో కలపడానికి నూటికి ఇరవై పాళ్ళు చికోరీ. కొట్టతను "గింజలుగా ఇవ్వమంటారా, ఆడించమంటారా?" అని మర్యాదగానే అడిగాడు. ఇంటికెళ్ళి నేనెక్కడ ఆడిస్తాను? "ఆడించేయండి" అన్నాను. అది రెండో తప్పు.

వేడివేడి పొడి కవర్ ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కాను. రెండు స్టాపులు దాటేసరికి ముందు సీటాయన వెనక్కి తిరిగాడు. కండక్టర్ టిక్కెట్టు కొట్టడం ఆపి ఊపిరి పీల్చి, "కాఫీయా సార్?" అన్నాడు. కొత్త కారు కొన్నవాడిలా తలూపాను. గంటన్నర ప్రయాణం. బస్సంతా నా కాఫీ తాగుతోందనీ, నాకు మిగిలేది ఎంగిలేననీ అప్పుడు తట్టలేదు.

ఇంట్లో మా ఆవిడ దాన్ని పెద్ద స్టీలు డబ్బాలో పోసింది. మొదటి నాలుగు రోజులు కాఫీ అమోఘం. డబ్బా దగ్గరికి వెళ్ళినప్పుడల్లా ఓసారి మూత తీసి వాసన చూసి మూసేవాణ్ణి. మా అబ్బాయి కూడా అంతే.

పన్నెండో రోజున మా మామగారు తెనాలి నుంచి వచ్చారు. కాఫీ విషయంలో ఆయన హైకోర్టు. డికాక్షన్ నల్లగా, చిక్కగా దిగింది. ధైర్యంగా గ్లాసు అందించాను. ఆయన ఒక గుక్క తాగి, గ్లాసులోకి తొంగి చూశారు.

"అల్లుడుగారూ, వేడిగా ఉంది, తియ్యగా ఉంది, చేదుగా కూడా ఉంది. కాఫీ ఎక్కడుంది?"

"రంగు చూడండి మామయ్యగారూ, ఎంత బాగా దిగిందో!"

"రంగు చికోరీది. అది ఎక్కడికీ పోదు. పోయేది కాఫీయే."

లేచి వంటింట్లోకి నడిచారు. గ్లాసులో రెండు చెంచాల పొడి వేసి మరిగిన నీళ్ళు పోశారు. తాజా పొడైతే బుసబుసా పొంగి, బుడగలొచ్చి, పైకి లేవాలట. వేయించినప్పుడు గింజలో చిక్కుకున్న గాలి అప్పుడు బయటికొస్తుందట. మాది వానకు తడిసిన బాట మట్టిలా కదలకుండా కూర్చుంది.

"గింజలోపల వాసన తాళం వేసినట్టుంటుంది. ఆడించగానే ఒక్కో గింజా వందల ముక్కలవుతుంది. అన్ని ముక్కలకీ గాలి తగులుతుంది, వాసన ఎగిరిపోతుంది. నిమిషాల్లోనే మొదలు. మూత గట్టిగా పెట్టిన గింజలు మూడు వారాలు నిలుస్తాయి. పొడి వారం నిలిస్తే గొప్ప. మీకు బస్సులో వచ్చిన ఘుమఘుమ ఉంది చూశారూ, అది గ్లాసులోకి రావలసింది."

డబ్బా మూత తీసి నేను రోజూ పీల్చినదంతా గుర్తొచ్చింది. నా కాఫీని నేనే ముక్కుతో దొంగిలించుకున్నానన్నమాట.

మర్నాడే పావుకిలో గింజలు తెచ్చాను. పొద్దున్నే నాలుగు చెంచాల గింజలు మిక్సీ చిన్న జార్‌లో వేసి, ఆపకుండా రెండు నిమిషాలు తిప్పాను. మూత తీయగానే వాసనతోపాటు తుమ్ము వచ్చింది. తరవాత ఇంకోటి. ముందురోజు అదే జార్‌లో కారప్పొడి కొట్టామని మా ఆవిడ అప్పుడు చెప్పింది.

సరే, కాస్త ఘాటుగా ఉంటే ఉండనీ అని ఫిల్టర్‌లో వేసి నీళ్ళు పోశాను. అరగంటయినా కింది గిన్నెలో మూడు చుక్కలే. చెంచాతో కొట్టాను, కదిపాను, వేళ్ళు కాల్చుకున్నాను. మిక్సీ బ్లేడు కొన్ని గింజల్ని పలుకుల్లా వదిలేసి, కొన్నిటిని పౌడరులా చేసేస్తుంది. ఆ మెత్తటి దుమ్మంతా వెళ్ళి ఫిల్టర్ చిల్లుల్లో కూర్చుంది. మామగారు పేపరు వెనకాలనుంచి "కాఫీ వస్తుందా, భోజనమే చేసేయమంటారా?" అన్నారు.

ఆ మర్నాటి నుంచి మిక్సీ ఆయన చేతిలోకి వెళ్ళింది. ముందు గుప్పెడు బియ్యం వేసి తిప్పి జార్ తుడుస్తారు. తరవాత గింజలు వేసి మూడు సెకన్లు తిప్పడం, ఆపడం, జార్ కుదపడం, మళ్ళీ మూడు సెకన్లు. వేలితో నలిపితే సన్నరవ్వలా తగలాలి. ఆ పూటకి ఎంత కావాలో అంతే.

మిగిలిన కిలో పైచిలుకు పొడిని మా ఆవిడ గిన్నెలో పోసి ఫ్రిజ్‌లో పెట్టింది, ఇంగువ వాసన పీల్చడానికి. ఆ పని మాత్రం పొడి బాగానే చేస్తోంది.

నిన్న తెల్లవారుజామున ఐదింటికి పై వాటా ఆవిడ కిందికి దిగి వచ్చింది. "ఇంత పొద్దున్నే ఏం రుబ్బుతున్నారండీ, నిద్ర పట్టట్లేదు" అంటూ గుమ్మంలో నిలబడి, గట్టిగా ఊపిరి పీల్చింది. "అబ్బ, ఏం వాసన!"

మామగారు జార్ మూత అరచేత్తో అదిమిపట్టి, "ముందా తలుపు వేసేయండి అల్లుడుగారూ" అన్నారు.