తాత పేరు మీదే ఉండిపోయిన పొలం

నెల్లూరు జిల్లాలో ఏ ఊరికెళ్లినా ఈ మాట వినపడతానే ఉంటది, పొలం మాదే, సాగు మేమే చేస్తన్నాం, కానీ రెవెన్యూ రికార్డు 1బీలో ఇంకా తాత పేరే ఉంది అని. బ్యాంకులో పంట లోన్ అడిగినప్పుడో, వాటా అమ్ముకుందాం అనుకున్నప్పుడో అప్పుడు గుర్తొస్తది మ్యుటేషన్, అంటే రికార్డులో పేరు మార్పు, చేయించలేదని.

బుచ్చిరెడ్డిపాళెం వైపు మూడెకరాల మాగాణి ఉన్న ఒక కుటుంబం అనుకోండి. తాత సొంతంగా కొన్న పొలం, వీలునామా లేదు, అవ్వ ఆయన కంటే ముందే పోయింది. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు, అంటే తలా ఒక ఎకరం. తర్వాత పెద్దకొడుకు కూడా పోయాడు, ఆయన ఎకరంలో భార్యకి, కొడుక్కి, కూతురికి తలా 33 సెంట్ల పైచిలుకు వస్తది. ఇప్పుడు మనవడు ఒక్కడే పోయి మొత్తం నా పేరు మీద ఎక్కించండి అంటే కుదరదు, రెండు చావులకీ రెండు డెత్ సర్టిఫికెట్లు, ఇద్దరి వారసులకీ ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్లు కావాలి.

అసలు చిక్కు ఇక్కడే. తాత పోయినప్పుడు ఎవరూ చావు నమోదు చేయించలా. ఏడాది దాటిపోతే పంచాయతీలో అడిగితే ఇవ్వరు, రికార్డులో లేదని కాగితం తీసుకుని ఆర్డీవో దగ్గర ఆర్డర్ తెచ్చుకోవాల. దానికే నెలలు పడతది.

ఇంకోటి, మేం గట్టిగా చెప్పాల్సింది, మేనత్త పేరు, చెల్లెలి పేరు వదిలేసి ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీయించడం తప్పు. పెళ్లిచేసి కట్నం ఇచ్చేశాం కదా అంటారు, కట్నం ఇచ్చినందుకు వాటా పోదు. వాళ్లు నిజంగా వద్దనుకున్నా తెల్లకాగితం మీద సంతకమో నోటరీనో చాలదు, హక్కు విడుదల దస్తావేజు రిజిస్టర్ చేయాలి. దాచిపెట్టి ఎక్కించుకున్నా, పాస్‌బుక్కులో పేరున్నంత మాత్రాన హక్కు పుట్టదని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది, రేపు ఆ ఆడబిడ్డ కోర్టుకెళితే కొన్నవాడు కూడా ఇరుక్కుంటాడు.

వారసత్వంగా హక్కు వచ్చిన 90 రోజుల్లోపు తహసీల్దారుకి తెలియజేయాలని 1971 పట్టాదారు పాస్‌పుస్తకాల చట్టంలోనే ఉంది, ఊర్లో ఎంతమందికి తెలుసు? దినాలు, మాసికాల మధ్యన ఆ 90 రోజులు ఇట్టే గడిచిపోతాయి.

మేం అడిగేది ఒకటే. చావు నమోదు చేసే పంచాయతీ కార్యదర్శి, పొలం రికార్డు చూసే వీఆర్వో, ఇద్దరూ ఒకే సచివాలయంలో ఉంటారు. డెత్ సర్టిఫికెట్ ఇచ్చేరోజే చనిపోయినాయన పేరు మీద 1బీ ఉందో లేదో చూసి, ఉంటే కూతుళ్లతో సహా వారసులందరి పేర్లు రాయించుకుని మ్యుటేషన్ అర్జీ అక్కడే తీసుకోమని కలెక్టరు ఒక ఆర్డర్ ఇవ్వాలి.